రాహువు ఏడులోనా, ఎనిమిదిలోనా? ఒకే అమ్మాయికి రెండు జాతకాలు

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయికి 28 నిండాయి. పుట్టింది కాకినాడలో, 1997 జూన్ నాలుగో వారం, రాత్రి 11.05కి. సంబంధం కుదిరిందనుకున్నాక అబ్బాయి తరఫువాళ్లు రాహుకేతు దోషం ఉందని వెనక్కి తగ్గారు. మా ఊళ్లో ఒకాయన ఏడులో రాహువు, సంసారం నిలవదు అన్నారు. ఇంకొకాయన ఏడులో కాదు, ఎనిమిదిలో కుజుడితో కలిసి ఉన్నాడు, మాంగల్యానికి గండం అన్నారు. ఫోన్‌లో యాప్ మళ్లీ ఏడే చూపిస్తోంది. కాలసర్పం కూడా ఉందట. గోమేధికం పెట్టించమంటున్నారు. 2035 దాకా రాహు మహర్దశ, అప్పటివరకు పెళ్లి జోలికి పోవద్దన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. అసలు రాహువు ఎక్కడ ఉన్నాడు? మూడు కాగితాలూ పంపుతున్నాను. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మూడింట్లోనూ లగ్నం కుంభమే. చంద్రుడు, గురువు మకరంలో, శని మీనంలో, కుజుడు కన్యలో, రవి బుధ శుక్రులు మిథునంలో. ఇందులో ఎక్కడా తేడా లేదు. ‘రా’ అన్న అక్షరం ఒక్కటే రెండు కాగితాల్లో సింహం గడిలో ఉంది, మూడోదాంట్లో కన్య గడిలోకి జరిగింది. దాంతోపాటు ఎదురుగా ఉన్న ‘కే’ కూడా కుంభం నుంచి మీనానికి జరిగింది. మీకు చెప్పిన ఇద్దరిలో ఎవరూ లెక్క తప్పలేదు. లెక్కలో రెండు పద్ధతులున్నాయి, ఆ రెండూ మీ అమ్మాయి విషయంలో సరిగ్గా గీతకి అటొకటి ఇటొకటి పడ్డాయి.

ఇది ఎందుకు జరిగిందో తెలియాలంటే రాహువంటే ఏమిటో ఒక్క నిమిషం చూడాలి. మిగతా గ్రహాల్లాగా రాహుకేతువులకి బింబం లేదు. ఆకాశంలో సూర్యుడు నడిచే దారి ఒకటి, చంద్రుడు నడిచే దారి ఇంకొకటి. చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వాలుగా ఉంటుంది కాబట్టి రెండు దారులూ రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటుకుంటాయి. చంద్రుడు ఉత్తరానికి ఎక్కే చోటు రాహువు, దక్షిణానికి దిగే చోటు కేతువు. పున్నమికో అమావాస్యకో సూర్యచంద్రులు ఈ చోట్ల దగ్గరికి వస్తే గ్రహణం. మీ అమ్మాయికి మూడు నెలలు కూడా నిండకముందు, 1997 సెప్టెంబరు 16 అర్ధరాత్రి మన దగ్గర సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. ఆ వేళకి సూర్యుడు సింహ కన్యల సరిహద్దులో, చంద్రుడు కుంభ మీనాల సరిహద్దులో ఉన్నారు. జాతకంలో ‘రా’, ‘కే’ ఉన్న చోటు ఇంచుమించు అదే. అమృతం తాగిన రాక్షసుడి తల, మొండెం అన్న కథ మనందరికీ తెలుసు. కానీ గ్రహణం నీడల వల్లే వస్తుందని ఆర్యభటుడు, వరాహమిహిరుడు ఎప్పుడో పదిహేను వందల ఏళ్ల కిందటే రాసిపెట్టారు. జాతకం వేసేవాళ్లు వాడేది ఆ లెక్కనే.

ఈ రెండు చోట్లూ వెనక్కి జరుగుతుంటాయి. ఒక రాశి దాటడానికి ఏడాదిన్నర, చక్రమంతా తిరగడానికి 18 ఏళ్ల ఏడు నెలలు. అయితే ఈ నడక గడియారం ముల్లులా సాఫీగా ఉండదు. సూర్యుడి ఆకర్షణ వల్ల కాసేపు ఆగి, కాసేపు తొందరపడి, అప్పుడప్పుడు ముందుకి కూడా ఊగుతుంది. పాతకాలపు సిద్ధాంతులు ఈ ఊగిసలాటని పక్కనపెట్టి రోజుకి సుమారు 3 కళల చొప్పున సగటు వేసుకున్నారు. కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. అది మధ్యమ రాహువు. ఊగిసలాటని కూడా కలిపితే స్ఫుట రాహువు. రెంటికీ తేడా ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నర డిగ్రీ, లేదా ఇంకాస్త. రాశి అంటే 30 డిగ్రీలు కాబట్టి నూటికి తొంభై పైగా జాతకాల్లో ఈ తేడా ఎవరి కంటా పడదు.

మీ అమ్మాయి పుట్టిన రాత్రి మధ్యమ రాహువు కన్యలో 0 డిగ్రీల 5 కళలు, స్ఫుట రాహువు సింహంలో 29 డిగ్రీల 27 కళలు. తేడా 38 కళలు. పున్నమి నాటి చంద్రబింబం అడ్డంగా 31 కళలుంటుంది. అంటే మీ నిద్ర చెడగొట్టిన దూరం ఆకాశంలో ఒక చందమామ వెడల్పుకి కాస్త ఎక్కువ. ఎనిమిది అన్నాయన మధ్యమం వాడారు, మొదటాయనా యాప్ వాళ్లూ స్ఫుటం వాడారు. కావాలంటే మీరే చూడొచ్చు. కంప్యూటర్ జాతకాల్లో సెట్టింగ్స్‌లోకి వెళ్తే Mean Node, True Node అని రెండు ఉంటాయి. ఒకటి మార్చి మరొకటి పెడితే మీ కళ్లముందే ‘రా’ గడి మారుతుంది.

ఇలాంటి చోట రాశి చక్రం చూసి తీర్పు చెప్పకూడదు. భావ చక్రం చూడాలి. చాలామంది దాన్ని కాగితంలో వేస్తారు కానీ చదవరు. గడులు లెక్కపెడితే కుంభం ఒకటి, సింహం ఏడు, కన్య ఎనిమిది, అంతే. కానీ లగ్నం అంటే కుంభం మొత్తం కాదు, పుట్టిన క్షణంలో తూర్పున ఉదయించే ఒక్క బిందువు. మీరిచ్చిన సమయానికి అది కుంభంలో 20వ డిగ్రీ దగ్గర ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా, సింహం 20 డిగ్రీల దగ్గర ఏడో భావం నడుమ. అక్కడి నుంచి అటు 15, ఇటు 15 డిగ్రీలు ఏడో భావం. అంటే సింహం 5 నుంచి కన్య 5 దాకా. ఇప్పుడు మధ్యమ రాహువుని చూడండి, కన్య 0.05. స్ఫుట రాహువుని చూడండి, సింహం 29.27. ఇద్దరూ ఏడో భావంలోనే ఉన్నారు. ఎనిమిదిలో రాహువు అన్న మాట మొదటి మెట్టులోనే పోయింది.

ఇందులో నాకు నచ్చే విషయం ఇంకొకటుంది. అయనాంశ అంటే రాశి చక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే సవరణ. అది మారిస్తే గ్రహాలన్నీ డిగ్రీ, డిగ్రీన్నర జరుగుతాయి, మళ్లీ ‘రా’ గడి మారిందని గొడవ మొదలవుతుంది. కానీ లగ్నం కూడా అంతే జరుగుతుంది కాబట్టి లగ్నానికీ రాహువుకీ మధ్య దూరం మారదు. మీ అమ్మాయికి ఆ దూరం మధ్యమంతో 190 డిగ్రీలు, స్ఫుటంతో 189న్నర. 195 దాటితేనే ఎనిమిది. ఎవరి అయనాంశ వాడినా ఇది ఇంతే.

ఈ లెక్కకి దెబ్బ తగిలేది ఒక్క చోటే, పుట్టిన సమయం దగ్గర. ఆ వేళలో లగ్నం సుమారు మూడు నిమిషాల పైచిలుకుకి ఒక డిగ్రీ చొప్పున కదులుతోంది. అసలు పుట్టింది 10.49కి ముందైతే, అంటే మీరు చెప్పినదానికి 16 నిమిషాలు ముందైతే, మధ్యమ రాహువు ఎనిమిదో భావంలోకి పోతాడు. ఇంకో రెండు నిమిషాలు ముందైతే స్ఫుటం కూడా పోతుంది. కాన్పు గదుల్లో ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. బిడ్డ ఏడిచిన క్షణంలో ఎవరూ గడియారం వైపు చూడరు. బొడ్డు కోసి, శుభ్రం చేసి, తల్లిని చూసుకుని, అప్పుడు చేయి కడుక్కుని గోడ గడియారం చూసి రాస్తారు. మా అక్క కాన్పుకి నేను వరండాలోనే ఉన్నాను. లోపలి నుంచి ఏడుపు వినపడ్డాక నా వాచీ చూసుకున్నాను, ఆసుపత్రివాళ్లు కాగితం మీద వేసింది దానికంటే పన్నెండు నిమిషాలు తర్వాత. అందుకే మీ 11.05 ఎలా వచ్చిందో ఒకసారి గుర్తుచేసుకోండి. సున్నాతోనో అయిదుతోనో ముగిసే సమయం నాకెప్పుడూ కొంచెం అనుమానమే.

సరే, ఏడులోనే ఉన్నాడనుకుందాం. ఏడో భావం కళత్ర స్థానం, అంటే జీవిత భాగస్వామి, పొత్తులు, ఎదుటి మనుషులతో వ్యవహారం. అక్కడ రాహువుంటే లగ్నంలో కేతువు ఉండి తీరాలి. వాళ్లు ఎప్పుడూ ఎదురెదురే కాబట్టి ఒకరి స్థానాన్ని విడిగా చదవడంలో అర్థం లేదు. పన్నెండు రకాల రాహువులు, పన్నెండు రకాల కేతువులు అని పుస్తకాల్లో వేరువేరుగా కనిపిస్తాయి గానీ నిజానికి ఉన్నవి ఆరు జంటలే. ఒకటి-ఏడు జంటలో రాహువు ఏడులో ఉంటే చెప్పేదేమిటంటే, తన గురించి తనకి పెద్దగా పట్టింపు ఉండదు, ఎదుటి మనిషి మీద మాత్రం ఆశ ఎక్కువ. భాగస్వామి తమకంటే వేరే తీరు మనిషి అవుతాడని, వేరే ఊరో, వేరే భాషో, వేరే కులమో, లేదా విదేశంలో ఉన్నవాడో అవుతాడని. పెళ్లి ఆలస్యమవుతుందని, మాటలు కుదిరి తప్పిపోతాయని కూడా చెబుతారు. సంసారం నిలవదు అన్నది దీని మీద ఎక్కించిన మాట. దానికి రాహువు ఒక్కడే చాలడు.

ఇక్కడ లఘుపారాశరి అన్న పాత జ్యోతిష గ్రంథం చెప్పే సూత్రం ఒకటుంది, రాహుకేతువుల విషయంలో నేను మొదట పట్టుకునేది అదే. తమోగ్రహాలు ఏ భావంలో ఉంటే, ఏ భావాధిపతితో కలిస్తే, ఆ ఫలమే గట్టిగా ఇస్తాయి అని. సొంత ఇల్లు లేనివాళ్లు కదా, అద్దె ఇంట్లో ఇంటాయన తీరునే నడుచుకుంటారు. వాళ్లకి ఉచ్చ రాశి ఏదన్న విషయంలోనే శాస్త్రకారులకి ఏకాభిప్రాయం లేదు. కొందరు రాహువుకి వృషభం అంటారు, కొందరు మిథునం అంటారు. వరాహమిహిరుడి బృహజ్జాతకంలో భావఫలాలు రవి నుంచి శని దాకా ఏడు గ్రహాలకే కనిపిస్తాయి. అష్టకవర్గు లెక్కలోనూ వీళ్లకి చోటు లేదు. పన్నెండు భావాల్లో రాహుకేతువుల ఫలాలు వరసగా చెప్పిన ఫలదీపిక లాంటివి ఆ తర్వాతవి. అందుకని ‘ఏడులో రాహువు, కాబట్టి ఇది’ అని ఒక్క వాక్యంలో తేల్చేవాళ్లని నేను అంత తేలిగ్గా నమ్మను.

మీ అమ్మాయి జాతకంలో ఏడో ఇంటి యజమాని రవి. ఆయన ఎక్కడున్నాడు? మిథునంలో, అంటే అయిదో ఇంట, కోణంలో. అక్కడ బుధుడు తన సొంత ఇంట్లో ఉన్నాడు, శుక్రుడు కూడా ఉన్నాడు. శుక్రుడు పెళ్లికి కారకుడు. లఘుపారాశరి సూత్రం పట్టుకుని చదివితే ఏడో ఇంట రాహువు ఇవ్వవలసింది అయిదులో ఉన్న రవి ఫలం. సప్తమాధిపతి పంచమంలో ఉంటే చెప్పే మాట ఏమిటో ఏ జ్యోతిష్యుడినైనా అడగండి. మనసుకి నచ్చినవాడితో పెళ్లి అంటారు. మీరు రాయలేదు గానీ, అమ్మాయి మనసులో ఎవరైనా ఉన్నారేమో నెమ్మదిగా కనుక్కోండి. ఇది జాతకం చూసి అంటున్న మాటే అయినా, 28 ఏళ్ల పిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా అడగవలసిన మాట.

అంతా బాగుందని చెప్పి పంపేస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. బుధుడు రవికి నాలుగు డిగ్రీల దూరంలో అస్తంగతుడయ్యాడు, అంటే రవి వెలుగులో మునిగి బలం తగ్గాడు. కుజుడు కన్య 8 డిగ్రీల దగ్గర, భావ చక్రంలో కూడా ఎనిమిదిలోనే ఉన్నాడు. ఆడపిల్ల జాతకంలో ఎనిమిదిని మాంగల్య స్థానం అంటారు కాబట్టి రెండో ఆయన భయపడింది పూర్తిగా ఊహ కాదు. అయితే అది కుజదోషం లెక్క, రాహువు లెక్క కాదు. రాశి చక్రంలో కన్య గడిలో ‘కు’, ‘రా’ రెండూ కలిసి కనపడేసరికి ఆయన రెండింటినీ ముడేశారు. రాహువు ఏడో భావంలో ఉన్నాడని తేలాక ఆ ముడి అంత బిగువుగా ఉండదు. కుజుడి మీద మకరంలోని గురువు తొమ్మిదో చూపు కూడా ఉంది. అక్కడ గురువు నీచలో ఉన్నాడు, కన్య మీద శని చూపు కూడా ఉంది, కాబట్టి గురువు చూపు అంతా కడిగేసిందని అనను. కుజదోషం ఉన్న అబ్బాయి జాతకంతో జత చూసుకోవడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, అది చేసుకోండి. అంతకుమించి ఒక మనిషి ఆయుర్దాయం ఇంకొకరి జాతకంలో చూసి చెప్పగలనని ఎవరన్నా అంటే, ఆ మాట దగ్గరే మీరు లేచి వచ్చేయండి. ఆ అబ్బాయి ఎవరో కూడా ఇంకా తెలియదు కదమ్మా.

సంబంధం వదులుకున్నవాళ్ల గురించి ఒక లెక్క చెబుతాను. పెళ్లి పొంతనల్లో ఒకటి, రెండు, ఏడు, ఎనిమిది ఇళ్లలో రాహువో కేతువో ఉంటే సర్పదోషం అంటారు. ఒకటిలో ఒకరుంటే ఏడులో ఇంకొకరుంటారు, రెండులో ఒకరుంటే ఎనిమిదిలో ఇంకొకరుంటారు. అంటే ఆరు జంటల్లో రెండు జంటలు. లగ్నం రోజులో పన్నెండు రాశులూ తిరుగుతుంది కాబట్టి, పుట్టిన ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి ఈ ‘దోషం’ ఉన్నట్టే. మీ అమ్మాయిని వద్దన్న ఇంట్లో నలుగురుంటే వాళ్లలోనూ ఒకరికి ఉండి ఉంటుంది. పాతవాళ్లు దీన్ని దోషానికి దోషం జోడించి సరిపెట్టేవాళ్లు. ఒంటికాలి మీద లేచి సంబంధం తెంచుకునే పద్ధతి నా చిన్నప్పుడు ఇంతగా లేదు.

మిగతా జంటల గురించి కూడా మీరు ఎక్కడో చదివి కంగారుపడకుండా రెండు మాటలు. రాహువు మూడు, ఆరు, పదకొండులో ఉంటే మంచివాడని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అవి ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే ఇళ్లు, పాపగ్రహం అక్కడ పోట్లాడి సంపాదించి పెడుతుందంటారు. పదిలో కూడా ఉద్యోగానికి బలమంటారు. కేతువు పన్నెండులో ఉంటే మోక్షకారకుడని చెబుతారు, అలాంటివాళ్లు నాకు ఎక్కువగా అప్పుల్లో కనపడ్డారు, అది వేరే సంగతి. నాలుగులో రాహువుంటే ఇల్లూ, తల్లీ, ఊరూ విషయంలో స్థిరం ఉండదని, అయిదులో ఉంటే సంతానం ఆలస్యమని అంటారు. అన్నింటికీ సూత్రం ఒక్కటే, ఆ ఇంటి యజమాని ఎక్కడున్నాడో చూడకుండా ఏ ముక్కా పూర్తికాదు. శనివద్రాహుః, కుజవత్కేతుః అంటారు కాబట్టి రాహువు నెమ్మదిగా లాగుతూ ఇస్తాడని, కేతువు ఒక్కసారి తెంచినట్టు ఇస్తాడని చెప్పడం కూడా ఉంది. మీ అమ్మాయికి కుదిరినట్టే కుదిరి జారిపోవడం, ఈ లెక్కన చూస్తే ఆ నెమ్మదిలో భాగం.

కాలసర్పం సంగతి మీ కాగితం మీద మీరే చూసుకోవచ్చు. ‘రా’ ఉన్న చోటు నుంచి ‘కే’ ఉన్న చోటికి పెన్సిల్‌తో ఒక గీత గీయండి. ఏడు గ్రహాలూ గీతకి ఒక పక్కనే ఉంటే దాన్ని కాలసర్పం అంటారు. మీ అమ్మాయి చక్రంలో సింహ కన్యల సరిహద్దు నుంచి కుంభ మీనాల సరిహద్దుకి గీత వస్తుంది. ఒక పక్క కన్యలో కుజుడు, మకరంలో చంద్రుడు, గురువు. రెండో పక్క మీనంలో శని, మిథునంలో రవి, బుధుడు, శుక్రుడు. మూడు ఇటు, నాలుగు అటు. మధ్యమం వాడినా, స్ఫుటం వాడినా అంతే. కాలసర్పం లేదు. ఏ పుస్తకం ప్రకారం ఉందన్నారో అడగండి, లఘుపారాశరిలో గానీ బృహజ్జాతకంలో గానీ ఆ పేరే దొరకదు.

శ్రీకాళహస్తి వెళ్లాలనిపిస్తే వెళ్లిరండి. స్వర్ణముఖి ఒడ్డున వాయులింగం, గ్రహణం వేళ కూడా తలుపులు మూయని గుడి, రాహుకేతు పూజకి అందరూ వెళ్లేది అక్కడికే. కాళహస్తీశ్వరుడికి దణ్ణం పెట్టుకుని, పూజ చేయించుకుని వస్తే మీ మనసుకి ఊరట. లేని కాలసర్పం పోగొట్టుకోవడానికని వెళ్లకండి, ఇంటికొచ్చి హోమం పేరుతో వేలకి వేలు అడిగినవాళ్లకి ఇవ్వకండి. దానం ఇవ్వాలనుకుంటే రాహువుకి మినుములు, కేతువుకి ఉలవలు, అవి మీ వంటింట్లోనే ఉంటాయి. గోమేధికం మాత్రం వద్దు. రత్నం పెడితే ఆ గ్రహానికి బలం పెంచినట్టని కదా వాళ్ల వాదన, ఏడులో రాహువు దోషమని భయపడుతూ అతనికే బలం పెంచడం ఏ లెక్కలో సబబో నాకు బోధపడదు.

దశ విషయం. చంద్రుడు ఉత్తరాషాఢలో ఉన్నాడు కాబట్టి పుట్టినప్పుడు రవి దశ, అందులో సుమారు మూడేళ్లు మిగిలింది. తర్వాత చంద్రుడు పదేళ్లు, కుజుడు ఏడేళ్లు. రాహు మహర్దశ 2017 మధ్యలో మొదలైంది, 18 ఏళ్లు, 2035 మధ్య దాకా. ఇంతవరకు మీకు చెప్పింది సరే. అప్పటివరకు పెళ్లి వద్దు అన్నది మాత్రం నాకు ఏ సూత్రంలోనూ దొరకలేదు. ఏడో ఇంట ఉన్న గ్రహం దశే పెళ్లి ఇచ్చే దశ అని లెక్క. మీ అమ్మాయికి ఇరవై నుంచి ముప్పై ఎనిమిది దాకా ఉన్న వయసంతా ఇదే దశ. డిగ్రీ పూర్తిచేయడం, ఉద్యోగం రావడం కూడా ఇందులోనే జరిగాయి కదా? మొదటి ఎనిమిదేళ్లలో రాహు, గురు, శని అంతర్దశలు గడిచాయి. 2025 మధ్య నుంచి 2028 మొదటి దాకా బుధ అంతర్దశ. బుధుడు అయిదో ఇంటి యజమాని, అక్కడే ఉన్నాడు, సప్తమాధిపతి రవితో కలిసి. ఎనిమిదికి కూడా ఆయనే యజమాని కాబట్టి మాటల్లో ఒకటి రెండు మెలికలు రావచ్చంటారు. కానీ పెళ్లి చూడడానికి ఈ రెండున్నరేళ్లకంటే అనువైన కాలం, శాస్త్రం ప్రకారమే, ఈ దశలో మీకు వెతికినా తేలిగ్గా దొరకదు. వాయిదా వేయమన్నాయన సరిగ్గా దీన్నే వాయిదా వేయమంటున్నారు.

మళ్లీ సంబంధం వచ్చినప్పుడు జాతకం ఇచ్చే ముందు ఒక పని చేయండి. రాశి చక్రం ఒక్కటే ఫోన్‌లో పంపకండి. భావ చక్రం కూడా పక్కన పెట్టి, ‘మధ్యమంతో కన్య 0.05, స్ఫుటంతో సింహం 29.27, రెంటితోనూ రాహువు సప్తమ భావం, సప్తమాధిపతి పంచమంలో’ అని కింద ఒక వాక్యం రాయించండి. అవతలి పక్క జ్యోతిష్యుడు పనితెలిసినవాడైతే ఆ ఒక్క వాక్యంతో గడుల గొడవ ఆగిపోతుంది. కుజుడి సంగతి మీరే ముందు చెప్పండి, దాచిపెట్టిందని తర్వాత మాట పడకుండా.

చివరిగా, 11.05 అన్న సమయం దేని మీద ఉందో వెతకండి. బారసాల నాడు పురోహితుడు రాసుకున్న చీటీ గానీ, ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం గానీ, మీ అత్తగారి పాత డైరీ గానీ. 10.49 నుంచి 11.05 లోపు ఏ నిమిషమైనా పైన రాసిందేదీ మారదు. అంతకంటే ముందని తేలితే మాత్రం ఆ కాగితం ఫొటో తీసి పంపండి, ఎనిమిదో భావం నుంచి మళ్లీ చూస్తాను.